అంకె కదలకుండా ‘వద్దు’ అనడం: ఒక మిర్చి ఉత్తరానికి వ్యాఖ్యానం

గుంటూరు మిర్చి వ్యాపారి ఒకరు చెన్నైలోని మసాలా కంపెనీకి కొటేషన్ పంపారనుకుందాం. కంపెనీకి ఆ ధర కుదరలేదు. కొనుగోలు విభాగం వాళ్లు ఇంగ్లిషులో మర్యాదగా జవాబు రాశారు. వ్యాపారి దగ్గర లెక్కలు చూసే గుమాస్తా చదువుకోవడానికి దాన్ని తెలుగులో పెట్టాలి. ఉత్తరం, అందులోని అంకెలు ఉదాహరణకు వేసుకున్నవి. తెలుగు పాఠం ఇలా ఉంటుంది:

“శ్రీయుతులకు నమస్కారం. 11 మార్చి 2025 నాటి మీ కొటేషన్ నం. 118 అందింది, ధన్యవాదాలు. తొడిమతో ఉన్న తేజ రకం ఎండుమిర్చి 120 క్వింటాళ్లు, తేమ 11 శాతానికి మించకుండా, గుంటూరు కోల్డ్ స్టోరేజి దగ్గర అప్పగించేలా, క్వింటాకు రూ. 15,400 చొప్పున, 5 శాతం జీఎస్టీ అదనంగా, మొత్తం రూ. 19,40,400 అని తెలిపారు. ఈ ధర 18 మార్చి 2025 వరకు చెల్లుతుందని గమనించాం. మీ కొటేషన్‌ను శ్రద్ధగా పరిశీలించాం. ఈ కొనుగోలుకు మాత్రం ఈ ధరకు సరుకు తీసుకోలేకపోతున్నాం. ఈ సీజన్‌లోనే ముందు ముందు మీ ధరలు మళ్లీ పంపితే సంతోషిస్తాం.”

కొనేది లేదని చెప్పే ఉత్తరంలో ఇన్ని అంకెలు ఎందుకని అనిపించవచ్చు. ఒకే వ్యాపారి ఒకే వారంలో ఒకే కంపెనీకి తొడిమతో ఒక ధర, తొడిమ తీసి ఒక ధర, మరో రకానికి ఇంకో ధర పంపడం మామూలే. వాటిలో దేన్ని కాదన్నారో తేలాలంటే కాదన్న దాని వివరం మొత్తం జవాబులో ఉండాలి. ఒక్క అంకె తప్పినా వ్యాపారి పంపని కొటేషన్‌ను కాదన్నట్టవుతుంది, పంపిన కొటేషన్ సంగతి గాల్లో ఉండిపోతుంది.

‘11 మార్చి 2025 నాటి మీ కొటేషన్ నం. 118’

మూలంలో తేదీ 11-03-2025 అని ఉన్నా తెలుగులో నెల పేరు రాయడం మేలు. అమెరికా పద్ధతికి అలవాటుపడ్డ కంప్యూటరు దాన్ని నవంబరు 3గా చూపించగలదు. నెలను అక్షరాల్లో పెడితే తేదీ మారదు, సందేహం మాత్రం పోతుంది. కొటేషన్ నంబరు సంగతి వేరు. వ్యాపారి దాన్ని ఎలా వేసుకున్నాడో గీతలు, సున్నాలతో సహా అలాగే దించాలి. అది మన దృష్టికి సంఖ్యే కానీ ఆయన ఫైల్లో మాత్రం పేరు.

‘తొడిమతో ఉన్న తేజ రకం ఎండుమిర్చి 120 క్వింటాళ్లు’

గుంటూరు యార్డులో మిర్చి బస్తాను టిక్కీ అంటారు. చదివేది గుంటూరు మనిషే కదా, 40 కిలోల లెక్కన 300 టిక్కీలు అని రాస్తే తేలిగ్గా అర్థమవుతుందన్న ఆలోచన అనువాదకుడికి వస్తుంది. ఆ పని చేయకూడదు. టిక్కీ బరువు అన్ని చోట్లా ఒకటే ఉండదు, 45 కిలోలు పట్టేవీ ఉంటాయి. అప్పుడు 300 టిక్కీలంటే 135 క్వింటాళ్లవుతుంది. అలాగే క్వింటాకు 15,400 అన్నదాన్ని కిలోకు 154గా మార్చడమూ వద్దు. లెక్క సరిపోయినా కొటేషన్ పక్కన పెట్టి పోల్చేవాడికి ఆ అంకె కనపడదు. మూలంలో ఏ కొలత ఉంటే అదే తెలుగులోనూ ఉండాలి.

‘తేమ 11 శాతానికి మించకుండా’

ఇక్కడ అంకె కదలకపోయినా దాని పక్కనున్న మాట వల్ల హద్దు కదిలిపోతుంది. 11 శాతం ఉన్నా ఫరవాలేదు, అంతకు మించకూడదన్నది కొటేషన్ ఉద్దేశం. ‘11 శాతం లోపు’ అంటే కొందరు 11ని కలుపుకుంటారు, కొందరు కలుపుకోరు. పరీక్షలో సరిగ్గా 11.0 వచ్చిన లాటు విషయంలో ఇద్దరికీ గొడవ. ‘మించకుండా’ అంటే ఆ సందేహానికి తావులేదు. మిర్చిలో తేమ అంటే సరుకు బరువు, అంటే డబ్బు. తేమ ఎక్కువైతే నిలవలో బూజు కూడా పడుతుంది. అందుకే కొనేవాళ్లు ఆ అంకె దగ్గర పట్టుగా ఉంటారు.

ఉత్తరంలో తర్వాత వచ్చే ‘18 మార్చి 2025 వరకు’ అన్నదానికీ ఇదే న్యాయం. ‘18వ తేదీ లోపు’ అని రాస్తే 17తోనే గడువు ముగిసిందని వాదించే వీలుంది. ‘వరకు’ అంటే 18వ తేదీ కూడా లోపలే. వ్యాపారి 11న రాసి ఏడు రోజులు చెల్లుతుందన్నాడు కనుక 18 సరిపోయింది. కాని ఆ కూడిక అనువాదకుడు తనంతట చేసి పెట్టకూడదు. మూలంలో తేదీ ఉంటే తేదీ, ‘ఏడు రోజులు’ అని ఉంటే ‘ఏడు రోజులు’.

‘5 శాతం జీఎస్టీ అదనంగా’

ఈ ఉత్తరంలో అన్నిటికంటే ఖరీదైన మాట ‘అదనంగా’. దాని బదులు ‘5 శాతం జీఎస్టీతో క్వింటాకు రూ. 15,400’ అని రాయడం చాలా సహజంగా వస్తుంది, చదవడానికీ బాగానే ఉంటుంది. కానీ ‘తో’ రెండు వైపులా పోతుంది. పన్ను కలుపుకునే 15,400 అని ఒకరికి, 15,400 మీద పన్ను వేసుకోవాలని ఇంకొకరికి అర్థమవుతుంది.

తేడా ఎంతో చూద్దాం. పన్ను అదనమైతే 120 క్వింటాళ్ల సరుకు రూ. 18,48,000, దాని మీద 5 శాతం రూ. 92,400, మొత్తం రూ. 19,40,400. పన్ను కలిపే ఆ ధర అనుకుంటే మొత్తం రూ. 18,48,000 దగ్గరే ఆగుతుంది, అందులో సరుకు విలువ రూ. 17,60,000 మాత్రమే. వ్యాపారి చేతికొచ్చే సరుకు ధరలో రూ. 88,000 తగ్గినట్టు. మనం ఒక్క అంకె కూడా మార్చలేదు, మార్చింది ఒక విభక్తి ప్రత్యయం. అందుకే ఇలాంటి చోట ‘అదనంగా’ లేదా ‘కలిపి’ అన్న మాటల్లో ఒకటి తప్పనిసరి. వాక్యం కాస్త బరువెక్కినా ఫరవాలేదు.

‘మొత్తం రూ. 19,40,400’

ముందు ‘సుమారు’, ‘దాదాపు’ వద్దు. వెనక ‘వరకు’ కూడా వద్దు. మాట మెత్తగా ఉండాలని మనం మామూలుగా సంఖ్య ముందు ‘ఓ’ చేరుస్తాం, ‘ఓ పంతొమ్మిది లక్షలు’ అంటాం. సంభాషణలో అది మర్యాదే. ఈ ఉత్తరంలో మాత్రం ఆ మెత్తదనం అంకెను చెరుపుతుంది. ఉత్తరానికి కావలసిన మెత్తదనమంతా క్రియాపదాల్లో ఉండాలి, సంఖ్యల దగ్గర ఒక్క చుక్క కూడా ఉండకూడదు.

‘ఈ ధరకు సరుకు తీసుకోలేకపోతున్నాం’

ఉత్తరానికి గుండెకాయ ఇదే. మూలంలో ‘రిగ్రెట్’ అన్న మాట ఉంది. దాన్ని ‘విచారిస్తున్నాం’ అంటే విచారణ జరుపుతున్నారేమోనన్న ఛాయ వస్తుంది. ‘చింతిస్తున్నాం’ అంటే సంతాప సందేశంలా ఉంటుంది. ఇంగ్లిషు నామమాత్రంగా వాడే ఆ విచారానికి తెలుగులో వేరే మాట అక్కర్లేదు, ‘లేకపోతున్నాం’ అన్న క్రియలోనే అది ఉంది. ‘తీసుకోం’ అంటే ఇష్టం లేదని, ‘తీసుకోలేం’ అంటే కుదరదని. ‘తీసుకోలేకపోతున్నాం’ అంటే తీసుకోవాలనే ఉంది కానీ కుదరడం లేదని. మర్యాదంతా అక్కడ ఇమిడింది, నిర్ణయంలో మాత్రం సడలింపు లేదు. ‘తిరస్కరిస్తున్నాం’ అనేది కోర్టు కాగితానికి తగినది.

దీన్ని మరింత మర్యాదగా చేద్దామని ‘ధర కాస్త ఎక్కువగా ఉంది’ అని రాసేవాళ్లుంటారు. మిర్చి వ్యాపారంలో ఆ మాటను ఎవరూ నిరాకరణగా తీసుకోరు, అది బేరానికి పిలుపు. ‘ఆలోచిస్తాం’, ‘చూద్దాం’ కూడా అంతే, సరుకు అట్టిపెట్టుకుని ఉండమని వ్యాపారికి వినిపిస్తుంది. ఇక ‘15,000 అయితే చూస్తాం’ అని అనువాదకుడు తన ఉదారతతో చేరిస్తే ఉత్తరం స్వభావమే మారిపోతుంది.

న్యాయపరంగా కూడా ఇది చిన్న విషయం కాదు. 1840లో ఇంగ్లండులో తీర్పు వచ్చిన హైడ్, రెంచ్ కేసును కాంట్రాక్టు చట్టం చదివినవాళ్లందరూ ఎరుగుదురు. రెంచ్ తన పొలాన్ని వెయ్యి పౌండ్లకు ఇస్తానన్నాడు. హైడ్ 950 ఇస్తానన్నాడు. రెంచ్ ఒప్పుకోలేదు. అప్పుడు హైడ్ సరే, వెయ్యికే తీసుకుంటానన్నాడు. 950 అన్న క్షణానే వెయ్యి ప్రతిపాదన రద్దయిందని, తర్వాత దాన్ని బతికించుకునే హక్కు హైడ్‌కు లేదని కోర్టు చెప్పింది. మన 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 7వ సెక్షన్ కూడా అంగీకారం షరతుల్లేకుండా, సంపూర్ణంగా ఉండాలంటుంది. మన ఉత్తరంలో ఎదురు ధర లేదు, స్పష్టమైన నిరాకరణ ఉంది. అది అందాక, గడువు 18 వరకు ఉన్నా సరే, కంపెనీ 17న ఫోన్ చేసి 15,400కే పంపమని అడిగితే పంపి తీరాల్సిన బాధ్యత వ్యాపారి మీద ఉండదు. ఆయన సరుకును ఆ రోజే ఇంకొకరికి అమ్ముకోవచ్చు. ‘ఆలోచిస్తాం’ అని రాసి ఉంటే ఆ స్వేచ్ఛ ఉందో లేదో ఆయనకు తెలిసేది కాదు. నిరాకరణ స్పష్టంగా ఉండటం వ్యాపారికి మనం చేసే మేలు.

‘ఈ కొనుగోలుకు మాత్రం’

నిరాకరణకు హద్దు గీసే మాట ఇది. వ్యాపారితో సంబంధం తెగలేదని, ఈ ఒక్క సరుకు గురించే చెబుతున్నామని తెలుపుతుంది. దీని బదులు ‘ప్రస్తుతానికి’ అంటే రెండు రోజులాగి మళ్లీ అడగవచ్చన్న ఆశ మిగులుతుంది.

ఇంత వరకు రాశాక సరిచూడటానికి మంచి పద్ధతి ఒకటుంది. ఒకరు కొటేషన్‌ను పైకి చదవాలి, రెండోవారు తెలుగు ఉత్తరంలో వేలు పెట్టి చూసుకోవాలి. అంకెలు చదివితే సరిపోదు, ప్రతి అంకెతో పాటు దాని కొలతనూ, దాన్ని పట్టుకున్న మాటనూ చదవాలి. ‘పదకొండు శాతం, మించకుండా’, ‘ఐదు శాతం, అదనంగా’, ‘పద్దెనిమిది మార్చి, వరకు’. పైన చెప్పిన తప్పులన్నీ చెవికి దొరుకుతాయి. కళ్లు మాత్రం అంకె కనపడగానే తృప్తిపడి ముందుకు వెళ్లిపోతాయి.

‘ఈ సీజన్‌లోనే ముందు ముందు’

మూలంలో ఉన్నది ‘లేటర్ ఇన్ ద సీజన్’. దాన్ని ‘వచ్చే సీజన్‌లో’ అని పెడితే ఉత్తరం మర్యాదగానే ఉంటుంది, అర్థం మాత్రం ఏడాది దూరం జరుగుతుంది. మిర్చి కొత్త పంట సంక్రాంతి దాటాక యార్డుకు జోరుగా రావడం మొదలవుతుంది. మార్చిలో రాసిన ఉత్తరంలో ‘వచ్చే సీజన్’ అంటే గుంటూరు వ్యాపారికి వచ్చే సంవత్సరపు పంటే. కంపెనీ అడుగుతున్నది ఇప్పుడు కోల్డ్ స్టోరేజిలోకి వెళ్తున్న సరుకు గురించి, అది ఆ తర్వాత నెలల్లో బయటికొచ్చినప్పటి ధర గురించి. ‘సంతోషిస్తాం’ దగ్గర ఆగాలి, ‘తప్పక కొంటాం’ దాకా పోకూడదు. మూలంలో లేని మాట ఇచ్చే అధికారం అనువాదకుడికి లేదు.