మాట కోసం పుట్టి వాన దాకా వచ్చిన బొమ్మ

కుక్క అరుపును, వాన చప్పుడును, తలుపు కొట్టిన శబ్దాన్ని వేరుచేసి చెప్పే చిన్న కన్వల్యూషన్ నెట్‌వర్క్‌కి మనం శబ్దాన్ని నేరుగా ఇవ్వం. ముందు దాన్ని మెల్ స్పెక్ట్రోగ్రామ్ అనే బొమ్మగా మార్చి ఇస్తాం. అడ్డంగా కాలం, నిలువుగా ఫ్రీక్వెన్సీ, ఒక్కో గడిలో ఆ క్షణాన ఆ ఫ్రీక్వెన్సీకి ఉన్న బలం. ఈ బొమ్మలోని ప్రతి భాగం ఒక్కో కాలంలో, ఒక్కో అవసరం కోసం పుట్టింది. వాటిలో చాలావరకు మనిషి మాట కోసమే పుట్టాయి. ఆ సంగతి మరిచిపోయి వాన మీద, యంత్రాల మీద అదే పద్ధతి వాడితే ఎక్కడ దెబ్బతింటుందో చెప్పడానికే ఈ కథ.

మొదట పుట్టింది కొలబద్ద. 1937లో హార్వర్డ్‌లో ఎస్. ఎస్. స్టీవెన్స్, జాన్ వోక్‌మన్, ఎడ్విన్ న్యూమన్ కొందరిని కూర్చోబెట్టి ఒక స్వరం వినిపించారు. దానికి సగం ఎత్తులో ఉన్నట్టు చెవికి తోచేదాకా రెండో స్వరాన్ని సర్దమన్నారు. ఆ సమాధానాల నుంచి మెల్ స్కేలు వచ్చింది. 1000 హెర్ట్జ్‌ల స్వరాన్ని 1000 మెల్‌లుగా పెట్టుకున్నారు. ఇప్పుడు ఎక్కువగా వాడే సూత్రం చాలా తర్వాతిది: `m = 2595 * log10(1 + f/700)`. దీని ప్రకారం సున్నా నుంచి 1000 హెర్ట్జ్ దాకా 1000 మెల్‌లు ఉంటే, 7000 నుంచి 8000 దాకా ఉన్నవి 138 మాత్రమే. కింది స్వరాల మధ్య తేడాను చెవి బాగా పట్టుకుంటుంది, పైవాటిని దగ్గరదగ్గరగా వింటుంది.

బొమ్మ గీసే యంత్రం బెల్ లాబ్స్‌లో తయారైంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ రాల్ఫ్ పాటర్ బృందం రూపొందించిన సౌండ్ స్పెక్ట్రోగ్రాఫ్ గురించి యుద్ధం ముగిశాక లోకానికి తెలిసింది. మాటను కంటితో చదవవచ్చన్న ఆశతో 1947లో వాళ్లు ఒక పుస్తకమే వేశారు. 1965లో కూలీ, ట్యూకీల వేగవంతమైన ఫూరియర్ పద్ధతి వచ్చాక ఆ పని కంప్యూటర్‌కి సులువైంది.

ఈ రెండూ కలిసి స్థిరపడింది 1980లో. డేవిస్, మెర్మెల్‌స్టీన్ మాటల గుర్తింపు కోసం రకరకాల లక్షణాలను పోల్చి, మెల్ పట్టీల లాగరిథమ్ తీసుకుని దానిపై కొసైన్ మార్పిడి చేస్తే మంచి ఫలితం వస్తుందని చూపించారు. అదే ఎంఎఫ్‌సీసీ. కొసైన్ మార్పిడి పక్కపక్క పట్టీల మధ్య పోలికను చాలావరకు విడగొట్టేస్తుంది. ఆనాటి గణాంక నమూనాలకు అలా విడివిడిగా ఉన్న అంకెలే కావాలి. కన్వల్యూషన్ నెట్‌వర్క్ అవసరం దీనికి పూర్తిగా ఎదురు. దాని చిన్న కిటికీ చూసేదే పక్కపక్క గడుల పోలికను. అందుకే నెట్‌వర్క్‌లు వచ్చాక ఆ చివరి మెట్టును తీసేశారు, లాగ్ మెల్ దగ్గరే ఆగిపోయారు.

మాట కాని శబ్దాల వైపు ఈ దారి మళ్లించిన వాళ్లలో కరోల్ పిచాక్ ఒకరు. 2015లో ఆయన ఈఎస్‌సీ-50 అనే సంకలనాన్ని విడుదల చేశారు: 50 రకాల శబ్దాలు, 2000 ముక్కలు, ఒక్కోటి 5 సెకన్లు. అదే ఏడాది మెల్ బొమ్మల మీద కన్వల్యూషన్ నెట్‌వర్క్‌ను ప్రయత్నించారు.

అలాంటి ఒక ముక్కను దగ్గరగా చూద్దాం. సెకనుకు 22050 శాంపిళ్ల చొప్పున 5 సెకన్లకు 1,10,250 అంకెలు. 1024 శాంపిళ్ల కిటికీని 512 చొప్పున జరుపుతూ 64 మెల్ పట్టీలు తీస్తే 64 వరుసలు, 216 నిలువు గీతలు, అంటే 13,824 అంకెలు మిగులుతాయి. పట్టీల్లో దాదాపు 20 వరకు 1000 హెర్ట్జ్ లోపే ఉంటాయి. 16, 32, 64 చానెళ్లతో మూడు 3×3 కన్వల్యూషన్ పొరలు, సగటు తీసే పొర, చివర 50 తరగతులు పెడితే నేర్చుకోవలసిన సంఖ్యలు 26,546 మాత్రమే. ఇంత చిన్న నెట్‌వర్క్‌కి తప్పుడు అంకెలు ఇచ్చి, సరిదిద్దుకోమని వదిలేయడం న్యాయం కాదు. అందుకే నార్మలైజేషన్‌ను ఆలోచించి ఎంచుకోవాలి.

దీనికీ పూర్వీకులున్నారు. 1974లో బెల్ లాబ్స్‌లో పనిచేస్తున్న భారతీయ శాస్త్రవేత్త బిష్ణు అటల్ గొంతును బట్టి మనిషిని గుర్తించే పనిలో, కాలం మీద సగటు తీసి తీసివేసే పద్ధతిని వాడారు. అందులోని తర్కం అందమైనది. టెలిఫోన్ తీగ ప్రతి ఫ్రీక్వెన్సీనీ ఒక స్థిరమైన అంకెతో గుణిస్తుంది. లాగరిథమ్ తీసుకుంటే ఆ గుణకారం కూడిక అవుతుంది. సగటు తీసేస్తే తీగ ప్రభావం మాయమై, మారుతూ ఉండే మాట మిగులుతుంది.

ఇప్పుడు అదే వానకు చేద్దాం. ఉదాహరణకు మూడు పట్టీలే ఉన్నాయనుకోండి. వానలో అవి నిలకడగా -30, -25, -20 డెసిబెళ్లు. వాక్యూమ్ క్లీనర్‌లో -18, -30, -35. ఒక్కో ముక్కలో ఒక్కో పట్టీ సగటును తీసేస్తే రెండు బొమ్మలూ సున్నా చుట్టూ ఊగే సన్నటి రొద అవుతాయి. తీగతోపాటు శబ్దం కూడా పోయింది. వానకు గుర్తింపు దాని నిలకడైన ఆకారమే, మనం తుడిచేసింది సరిగ్గా దాన్నే. కుక్క అరుపు మాత్రం చెక్కుచెదరదు, అది కాలంతోపాటు మారుతుంది కాబట్టి. అందువల్ల మొత్తం ఫలితం ఫర్వాలేదనిపిస్తుంది. ఏ తరగతిని దేనితో పొరబడిందో చూపే పట్టికలో వాన, సముద్రపు హోరు, వాషింగ్ మెషీన్, ఇంజిన్ ఒకదానిలో ఒకటి కలిసిపోతే అనుమానించాల్సింది ఇక్కడే.

రెండో దారి: ముక్క మొత్తానికి ఒకే సగటు తీసి, అన్ని గడుల నుంచీ దాన్నే తీసివేయడం. శబ్దం రెట్టింపు ఆంప్లిట్యూడ్‌తో రికార్డయితే ప్రతి గడిలో దాదాపు 6 డెసిబెళ్లు పెరుగుతాయి, ఆ తేడా పోతుంది, ఆకారం నిలుస్తుంది. `ref=np.max` అని రాసేవాళ్లు చేసేదీ ఇలాంటిదే, కానీ అక్కడ ఆధారం ఒక్క గడి. ఎక్కడో ఒక టక్కుమన్న చప్పుడు మిగతా వాటికన్నా 20 డెసిబెళ్లు ఎక్కువగా పడితే బొమ్మ మొత్తం 20 కిందికి జారుతుంది. దానికన్నా సగటు నమ్మదగినది.

నేను ఎంచుకునేది మూడోది. శిక్షణ ముక్కలన్నిటి మీదా ఒక్కో పట్టీకి సగటు, ప్రామాణిక విచలనం లెక్కించి, వాటినే అన్ని ముక్కలకూ వాడటం.

```python
S = librosa.feature.melspectrogram(
    y=y, sr=22050, n_fft=1024,
    hop_length=512, n_mels=64)
X = librosa.power_to_db(S, ref=1.0, top_db=None)
X = (X - band_mean) / band_std
```

ఇందులో `band_mean`, `band_std` ఒక్కోటి 64 వరుసల నిలువు గీత. వానకూ వాక్యూమ్ క్లీనర్‌కూ ఒకే అంకె తీసేస్తాం కాబట్టి వాటి మధ్య తేడా అలాగే ఉంటుంది. పరీక్షకు ఉంచిన ముక్కలను ఈ లెక్కలో కలపకూడదు. దీనికొక పరిమితి ఉంది: కొత్త మైక్ తెచ్చే రంగును ఇది తీయలేదు. అన్నీ ఒకే మైక్‌తో తీసినవి కాకపోతే, శిక్షణలో రకరకాల మైకుల శబ్దాలు ఉండాలి.

ఇంకో గుంట ఈఎస్‌సీ-50 సంకలనంలోనే ఉంది. 5 సెకన్లకు తక్కువైన శబ్దాల చివర పూర్తి సున్నాలు అతికించారు. ఆ గడులు సరిగ్గా -100 డెసిబెళ్ల దగ్గర కూర్చుంటాయి, ఎందుకంటే `power_to_db` 10⁻¹⁰ కన్నా కిందికి పోదు. వాటిని కూడా లెక్కలోకి తీసుకుంటే సగటు కిందికి లాగబడుతుంది, విచలనం ఉబ్బుతుంది, అసలు శబ్దంలోని తేడాలు ఇరుకు హద్దులో నలుగుతాయి. పైగా చివరన ఎంత ఖాళీ ఉందో చూసి నెట్‌వర్క్ కుక్క అరుపును గుర్తుపట్టడం నేర్చుకోవచ్చు. ఆ ఖాళీ గీతలను వదిలి సగటు లెక్కించాలి, శిక్షణలో ఖాళీని శబ్దానికి ముందూ వెనకా మార్చిమార్చి పెట్టాలి. అది చేశాక, ఖాళీ లేని కుక్క అరుపు ఒకటి ఇచ్చి జవాబు నిలుస్తుందో లేదో చూడాలి.