డెలివరీ డేటు లెక్క ఎక్కడ పుట్టింది?

గర్భం నలభై వారాలంటారు డాక్టర్లు. తొమ్మిది నెలలంటారు ఇంట్లో పెద్దవాళ్లు. నెలకు నాలుగు వారాల చొప్పున వేళ్ల మీద లెక్కేస్తే పది నెలలు తేలుతుంది. ఇందులో ఎవరి మాటా తప్పు కాదు. లెక్క మొదలుపెట్టే రోజు ఒక్కొక్కరిదీ ఒకటి, కొలిచే నెల కూడా ఒకటి కాదు. ఈ తికమక ఈనాటిది కాదు. డెలివరీ తేదీ లెక్క పుట్టినప్పుడే ఇదీ పుట్టింది.

పూర్వం ఎవరూ ఫలానా తేదీ అని చెప్పేవారు కాదు. తొమ్మిదో నెలలో ఒక రోజు గడిచింది మొదలు పదో నెల దాకా ప్రసవకాలమేనని చరక సంహిత చెబుతుంది. అంటే అది చెప్పింది ఒక గడువు. ఆ గడువును ఒక్క తేదీకి కుదించే పద్ధతి యూరప్‌లో 18వ శతాబ్దంలో రూపుదిద్దుకుంది. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో వైద్యం బోధించిన హెర్మన్ బోర్‌హావ్, చివరి బహిష్టుకు ఒక వారం కలిపి, అక్కడి నుంచి తొమ్మిది నెలలు లెక్కపెట్టమన్నాడు. గర్భం ఏ రోజు నిలిచిందో చెప్పడం కష్టం. బహిష్టు ఎప్పుడైందో మాత్రం చాలామందికి గుర్తుంటుంది. అందుకే లెక్కకు అదే ఆధారమైంది.

దీన్ని ప్రపంచమంతటికీ పరిచయం చేసినవాడు జర్మనీలోని హైడెల్‌బెర్గ్‌లో ప్రసూతి వైద్యం బోధించిన ఫ్రాంజ్ నేగెలే. మంత్రసానుల కోసం 1830లో వెలువడిన తన పాఠ్యపుస్తకంలో ఆయన ఈ లెక్కను చేర్చాడు. కాగితం, కలం అక్కర్లేకుండా నోటితో వేసుకోగలిగే లెక్క అది: చివరి బహిష్టు తేదీకి ఏడు రోజులు కలిపి, మూడు నెలలు వెనక్కి వెళ్లి, ఏడాది ముందుకు జరగాలి. మన ఏఎన్‌ఎంలు తొమ్మిది నెలలు, ఏడు రోజులు కలుపుతారు. రెండూ ఒకటే. అయితే బహిష్టు మొదలైన రోజు నుంచా, ఆగిన రోజు నుంచా అన్నది మొదట్లో స్పష్టంగా లేదు. మొదటి రోజే లెక్క అన్న పద్ధతి తర్వాతి కాలంలో స్థిరపడింది. ఎల్‌ఎంపీ అంటే ఇప్పుడు ఆ మొదటి రోజే.

అలా లెక్కిస్తే గర్భకాలం 280 రోజులు. అందులో మొదటి రెండు వారాలు అసలు గర్భమే ఉండదు. నెలసరి 28 రోజులకు వచ్చేవారిలో అండం విడుదలయ్యేది సుమారు పద్నాలుగో రోజున. కాబట్టి బిడ్డ నిజంగా కడుపులో పెరిగేది దాదాపు 266 రోజులు. మన పంచాంగంలో చాంద్రమాన నెల ఇరవై తొమ్మిదిన్నర రోజులు. 266ను దానితో భాగిస్తే తొమ్మిది వస్తుంది. ‘నవమాసాలు మోసింది’ అన్న మాట ఆ విధంగా లెక్కకు నిలుస్తుంది. 280ని 28తో భాగిస్తే పది. ఇంగ్లీషు క్యాలెండర్‌లో అయితే తొమ్మిది నెలల ఓ వారం.

నెలల్లో ఒకటి 28 రోజులు, ఒకటి 31. వారానికి మాత్రం ఎప్పుడూ ఏడే. ఏ పరీక్ష ఎప్పుడు చేయాలి, బిడ్డ వయసుకు తగ్గట్టు పెరుగుతోందా అన్నవి రోజుల తేడాతో తేల్చాల్సిన విషయాలు కాబట్టి ఆసుపత్రుల్లో వారాల లెక్కే నిలిచింది. చిక్కల్లా ఆ వారాలను మళ్లీ నెలల్లోకి మార్చుకునేటప్పుడే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకావిడ ఎల్‌ఎంపీ 2024 జూన్ 10. ఏడు కలిపితే జూన్ 17, మూడు నెలలు వెనక్కి వెళితే మార్చి 17. అంటే ఈడీడీ 2025 మార్చి 17. నవంబరు 28న డాక్టరు ఫైల్లో ‘24W 3D’ అని రాశారు. ఇరవై నాలుగు వారాలు నిండి మూడు రోజులైందని అర్థం. నాలుగుతో భాగిస్తే ఆరు నెలల మూడు రోజులు వస్తుంది. అది తప్పు. జూన్ 10 నుంచి నవంబరు 10కి ఐదు నెలలు, అక్కడి నుంచి 28కి పద్దెనిమిది రోజులు. ఆవిడకు ఐదు నెలల 18 రోజులు నిండాయి, ఆరో నెల నడుస్తోంది. ఇరవై నాలుగు వారాల్లోనే పదిహేను రోజుల తేడా వచ్చింది. అందుకే వారాలను భాగించకూడదు. ఎల్‌ఎంపీ తేదీ నుంచి క్యాలెండర్‌లో నెలలు దాటుకుంటూ వచ్చి, మిగిలిన రోజులు లెక్కపెట్టుకోవాలి. ‘ఆరు నిండాయా, ఆరోది నడుస్తోందా’ అన్నది కూడా విడిగా చెప్పుకోవాలి. ఇంట్లో వాదన సగం అక్కడే వస్తుంది.

నేగెలే సూత్రంలోనూ లొసుగులున్నాయి. ఎల్‌ఎంపీ మే 1 అయితే ఈ సూత్రం ఫిబ్రవరి 8 అంటుంది. రోజులు లెక్కపెడితే అది 283వ రోజు. సరిగ్గా 280 రోజులంటే ఫిబ్రవరి 5. నోటి లెక్కకూ కంప్యూటరు లెక్కకూ మూడు రోజుల తేడా కనిపిస్తే కారణం ఇదే, కంగారు పడనక్కర్లేదు. అసలు లొసుగు వేరే ఉంది. సూత్రం అందరికీ 28 రోజుల నెలసరే అనుకుంటుంది. 35 రోజులకు వచ్చేవారిలో అండం వారం ఆలస్యంగా విడుదలవుతుంది, కాబట్టి డెలివరీ తేదీ కూడా వారం ముందుకు జరగాలి.

ఈ లోటు తీర్చింది అల్ట్రాసౌండ్. ప్రసూతి వైద్యంలోకి దాన్ని తెచ్చింది స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ బృందం. వారి తొలి పరిశోధన వ్యాసం 1958లో వచ్చింది. అదే నగరంలో హ్యూ రాబిన్సన్ 1973లో తల నుంచి పిరుదుల వరకు పిండం పొడవు కొలిచి వయసు చెప్పే పద్ధతిని ప్రకటించాడు. తొలి మూడు నెలల్లో పిండాలన్నీ దాదాపు ఒకే వేగంతో పెరుగుతాయి కాబట్టి ఆ కొలత నమ్మదగింది.

పై ఉదాహరణలోని ఆవిడకే ఆగస్టు 19న మొదటి స్కాన్ తీశారనుకుందాం. ఎల్‌ఎంపీ ప్రకారం సరిగ్గా పది వారాలు. స్కాన్‌లో మాత్రం 8 వారాల 5 రోజులే కనిపించింది. తొమ్మిది నుంచి పద్నాలుగు వారాల లోపు తేడా ఏడు రోజులు దాటితే స్కాన్ తేదీనే తీసుకోవాలన్నది ఇప్పుడు చాలామంది డాక్టర్లు పాటించే నియమం. ఇక్కడ తొమ్మిది రోజుల తేడా ఉంది కాబట్టి ఈడీడీ మార్చి 26కు మారుతుంది. నవంబరు 28 నాటి లెక్క కూడా 23 వారాల 1 రోజుకు తగ్గుతుంది. ఏడు రోజుల లోపు తేడా అయితే పాత తేదీయే ఉంచుతారు.

ఆ తర్వాత తీసే ప్రతి స్కాన్ రిపోర్టులోనూ ఒక కొత్త ఈడీడీ అచ్చవుతుంది. దాన్ని చూసి తేదీ మారిందనుకోకూడదు. నెలలు నిండేకొద్దీ ఒక్కో బిడ్డ ఒక్కో తీరుగా బరువు పెరుగుతుంది. ఎనిమిదో నెల స్కాన్‌లో వారం వెనకబడినట్టు కనిపిస్తే తేదీ తప్పని కాదు, బిడ్డ ఎదుగుదల తక్కువగా ఉందేమో చూడాలని అర్థం. అప్పుడు తేదీ మార్చేస్తే ఆ లోపం కనబడకుండా పోతుంది.

ఇంత చేసినా ఈడీడీ నాడే పుట్టే పిల్లలు నూటికి ఐదుగురు కూడా ఉండరు. 37 వారాలు నిండకముందు పుడితే నెలలు నిండని కాన్పు, 42 వారాలు దాటితే గడువు మీరిన గర్భం. ఎక్కువ కాన్పులు ఈ రెంటి మధ్యే జరుగుతాయి. కాబట్టి నెలసరి మొదటి రోజును క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. మొదటి స్కాన్ రిపోర్టును కాన్పయ్యేదాకా ఫైల్లో అన్నిటికంటే పైన ఉంచండి. ఆసుపత్రికి వెళ్లినప్పుడు మాత్రం ఎన్నో నెల అని కాకుండా ఎన్ని వారాలో చెప్పండి.