స్టోరీలు ఎన్ని, పోస్టులు ఎన్ని? ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక బ్రాండు లెక్క వేసుకోవలసిన తీరు

ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరిచిన ప్రతి వ్యాపార సంస్థకూ మొదట ఎదురయ్యే సందేహం ఒకటే. వారానికి ఎన్ని పోస్టులు పెట్టాలి, రోజుకు ఎన్ని స్టోరీలు పెట్టాలి? దీనికి అందరికీ వర్తించే సంఖ్య ఏదీ లేదు. అయితే తమ సంఖ్యను తామే తేల్చుకునే పద్ధతి ఒకటి ఉంది. చెప్పదలచిన సమాచారానికి ఆయుష్షు ఎంత, అది ఎవరికి చేరాలి అన్న రెండు ప్రశ్నలతో ఆ పద్ధతి మొదలవుతుంది.

రెండింటి స్వభావం

ఇన్‌స్టాగ్రామ్ 2016 ఆగస్టులో స్టోరీలను ప్రవేశపెట్టింది. స్టోరీ 24 గంటల తరువాత కనుమరుగవుతుంది. నిలువు తెర మొత్తాన్ని ఆక్రమిస్తుంది. ప్రధానంగా అప్పటికే ఖాతాను అనుసరిస్తున్నవారికే కనిపిస్తుంది. వారిలోనూ ఆ ఖాతా స్టోరీలను తరచుగా చూసేవారికి, దానికి సందేశాలు పంపేవారికి వరుసలో ముందుగా వస్తుంది. అంటే స్టోరీ పరిచయస్తులతో జరిగే సంభాషణ.

ఫీడ్ పోస్టు తొలగించేవరకు ఖాతా పేజీలో ఉంటుంది. ఇతరులు దాన్ని దాచుకోవచ్చు, మిత్రులకు పంపవచ్చు. ఖాతాను అనుసరించనివారికి కూడా అది సిఫారసుగా కనిపించే అవకాశం ఉంది. రీల్ కూడా పేజీలో నిలిచి ఉంటుంది, కొత్తవారికి చేరుతుంది కనుక ఈ లెక్కలో దాన్ని పోస్టుల పక్షానే చేర్చాలి. అంటే పోస్టు దుకాణం ముందున్న బోర్డు వంటిది. దారిన పోయేవారు చూసేది దాన్నే.

మరో ముఖ్యమైన తేడా కొనుగోలు దగ్గర కనిపిస్తుంది. పోస్టు కింద వ్యాఖ్యలో వెబ్ చిరునామా రాసినా దానిపై నొక్కితే అది తెరుచుకోదు. స్టోరీలో లింకు స్టిక్కర్ పెడితే నేరుగా తెరుచుకుంటుంది. ఒకప్పుడు స్టోరీలో లింకు ఇవ్వడానికి ఖాతా ధ్రువీకరణ గానీ, పది వేల మంది ఫాలోవర్లు గానీ ఉండవలసి వచ్చేది. 2021 అక్టోబరు నుంచి ఈ సౌకర్యాన్ని అన్ని ఖాతాలకూ విస్తరించారు. ఓటింగు, ప్రశ్న, కౌంట్‌డౌన్ వంటి స్టిక్కర్లు కూడా స్టోరీలకు బలం.

ఒక చేనేత దుకాణం ఉదాహరణ

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. మంగళగిరి చీరలు అమ్మే చిన్న దుకాణం ఒకటి ఉంది. దానికి నాలుగు వేల మంది ఫాలోవర్లు ఉన్నారు. కొనేవారిలో సగం మంది విజయవాడ, గుంటూరు ప్రాంతాలవారు. మిగిలినవారు హైదరాబాద్, బెంగళూరు, ముంబయి నగరాల్లోని తెలుగు కుటుంబాలవారు. వారానికి పది కొత్త చీరలు వస్తాయి. రంగు, అంచు, పైట కలిపి చూస్తే ఒక్కో తరహాలో ఒక్కో చీరే ఉంటుంది.

ఈ దుకాణం రోజుకొక చీరను పోస్టుగా పెడుతోంది. అదే పోస్టును స్టోరీలో మళ్లీ పంచుకుంటోంది. పైకి ఇది క్రమశిక్షణలాగే కనిపిస్తుంది. అయితే చీర రెండో రోజే అమ్ముడవుతుంది. పోస్టు మాత్రం నెలల తరబడి పేజీలో ఉంటుంది. మూడు వారాల తరువాత చూసినవారు ధర అడుగుతారు. ‘అమ్ముడైపోయింది’ అన్న జవాబు వస్తుంది. ఇలా రెండు మూడు సార్లు జరిగితే వారు అడగడం మానేస్తారు. మరోవైపు, పేజీకి కొత్తగా వచ్చినవారికి దుకాణం ఎక్కడుంది, చీరను ఎలా ఉతకాలి, బయటి ఊళ్లకు పంపుతారా అన్న విషయాలు ఎక్కడా దొరకవు.

ఇక్కడి లోపం పోస్టుల సంఖ్యలో లేదు. ఒక్క రోజు ఆయుష్షున్న సమాచారాన్ని శాశ్వతంగా ఉండే చోట పెట్టడంలో ఉంది. ఒక్కటే ఉన్న చీర స్టోరీకి తగిన విషయం. నూలు చీరకూ పట్టు కలిసిన చీరకూ తేడా, జరీని ఎలా కాపాడుకోవాలి, సిల్క్ మార్క్ చీటీ అంటే ఏమిటి వంటివి ఏడాది తరువాత కూడా పనికివస్తాయి. అవి పోస్టుకు తగిన విషయాలు.

సంఖ్య ఎలా తేలుతుంది

ఇప్పుడు లెక్క సులభం. వారానికి పది చీరలు. ఒక్కో చీరకు రెండు స్టోరీ ఫ్రేములు కావాలి. మొదటిది చీర మొత్తం కనిపించేది, రెండోది పైట, అంచు దగ్గరగా చూపి ధర చెప్పేది. అంటే 20 ఫ్రేములు. వారంలో ఐదు రోజులు, రోజుకు రెండు చీరలు చూపితే రోజుకు నాలుగు ఫ్రేములవుతాయి. వాటికి తోడు రోజుకొక ఓటింగు లేదా ప్రశ్న ఫ్రేము. మొత్తం రోజుకు ఐదు, వారానికి 25.

పోస్టుల వైపు, ఏడాది పాటు నిలిచే విషయాలు వారానికి రెండే తయారవుతాయి. ఒకటి అనేక చిత్రాలతో వివరణ ఇచ్చే పోస్టు. మరొకటి మగ్గం మీద నేతనో, చీర కట్టినప్పటి కుచ్చిళ్లనో చూపే రీల్. చెప్పడానికి మూడో విషయం లేనప్పుడు మూడో పోస్టు పెట్టవలసిన అవసరం లేదు.

ఈ ప్రణాళిక మనుషుల సమయానికి సరిపోతుందో లేదో కూడా చూడాలి. ఒక పోస్టుకు చిత్రీకరణ, రాత కలిపి రెండున్నర గంటలు పడుతుందనుకుంటే రెండింటికి ఐదు గంటలు. ఫ్రేముకు ఐదు నిమిషాల చొప్పున 25 ఫ్రేములకు సుమారు రెండు గంటలు. వారానికి పది గంటలు కేటాయించగలిగితే సందేశాలకు జవాబివ్వడానికి మూడు గంటలు మిగులుతాయి. చాలామంది ఈ మూడో పద్దును మరచిపోతారు. స్టోరీ పెంచితే సందేశాలు పెరుగుతాయి. జవాబివ్వలేనన్ని స్టోరీలు పెట్టడం, గిరాకీని పిలిచి తలుపు మూసుకోవడమే.

ఎక్కడ ఆపాలో చెప్పే కొలత

రోజుకు ఎన్ని ఫ్రేములు ఎక్కువ అన్న ప్రశ్నకు జవాబు ఖాతా ఇన్‌సైట్స్‌లోనే ఉంటుంది. ఒక రోజు స్టోరీల్లో మొదటి ఫ్రేమును ఎంతమంది చూశారు, చివరిదాన్ని ఎంతమంది చూశారు అన్నది గమనించాలి. దుకాణం ఒక రోజు తొమ్మిది ఫ్రేములు పెట్టిందనుకుందాం. మొదటిదాన్ని 240 మంది, ఐదోదాన్ని 180 మంది, ఆరోదాన్ని 132 మంది, తొమ్మిదోదాన్ని 96 మంది చూశారు. ఐదో ఫ్రేము వరకు నూటికి 75 మంది నిలిచారు. చివరికి మిగిలింది 40 మందే. ఇలాంటి రోజులు నాలుగైదు వరుసగా ఇదే తీరు చూపితే, ఆ ఖాతాకు రోజుకు ఐదు ఫ్రేములే హద్దు.

తగ్గుదల ఎలా వచ్చిందన్నది కూడా చూడాలి. ప్రతి ఫ్రేముకూ కొద్దికొద్దిగా తగ్గుతూ పోతే సంఖ్య ఎక్కువైందని అర్థం. ఏదో ఒక్క ఫ్రేము దగ్గరే చాలామంది బయటికి వెళ్లిపోతే లోపం ఆ ఫ్రేములో ఉంది. అక్షరాలు కిక్కిరిసి ఉండవచ్చు, లేదా మాట్లాడే వీడియో సాగదీసినట్లు ఉండవచ్చు. వెనక్కి నొక్కి మళ్లీ చూసినవారు ఎక్కువైతే రెండు కారణాలు ఉండవచ్చు. చీర నచ్చి ఉండవచ్చు, లేదా ధర చదవడానికి సమయం చాలకపోయి ఉండవచ్చు. సందేశాల్లో ధర అడిగేవారే ఎక్కువగా ఉంటే రెండోదే కారణం.

పోస్టులకు ఈ కొలత పనికిరాదు. అక్కడ చూడవలసినవి రెండు. చూసినవారిలో ఫాలోవర్లు కానివారు ఎంతమంది, దాచుకున్నవారు లేదా ఇతరులకు పంపినవారు ఎంతమంది అన్నవి. పోస్టు పెట్టిన ఏడు రోజుల తరువాత, ప్రతిసారీ అదే వ్యవధిలో ఈ అంకెలు రాసుకుంటేనే పోలిక సరిగా ఉంటుంది. లైకులు మాత్రమే చూస్తే పాత పరిచయస్తుల అభిమానమే కొత్త గిరాకీగా కనిపించే ప్రమాదం ఉంది.

మార్పు చేసేటప్పుడు స్టోరీలను, పోస్టులను ఒకేసారి మార్చరాదు. ఒకదాన్ని స్థిరంగా ఉంచి, రెండోదాన్ని నాలుగు వారాలు మార్చి చూడాలి. ఆ నాలుగు వారాల్లో పండుగ గానీ, పెళ్లిళ్ల ముహూర్తాలు గానీ పడితే వచ్చిన పెరుగుదల దేనివల్లో తేలదు.

హైలైట్స్: మధ్య మార్గం

కొన్ని స్టోరీలు 24 గంటల తరువాత కూడా పనికివస్తాయి. డెలివరీ ఎన్ని రోజుల్లో జరుగుతుంది, వాపసు నియమాలు ఏమిటి, దుకాణానికి దారి ఏది వంటివి. వీటిని హైలైట్స్‌గా ఖాతా పేజీ పైభాగంలో నిలిపి ఉంచవచ్చు. ఈ సౌకర్యం 2017 డిసెంబరులో వచ్చింది. ఉదాహరణలోని దుకాణానికి ‘చిరునామా’, ‘డెలివరీ’, ‘వాపసు’ అన్న మూడు హైలైట్స్ సరిపోతాయి. ధర ఉన్న ఫ్రేమును మాత్రం వీటిలో చేర్చరాదు. ఆరు నెలల కిందటి ధర చూసి అదే ధరకు ఇవ్వాలని అడిగేవారితో వివాదం తప్పదు.

లెక్క ఎప్పుడు తిరగబడుతుంది

పై లెక్క స్థిరపడిన ఫాలోవర్లున్న దుకాణానికి వర్తిస్తుంది. 150 మంది ఫాలోవర్లతో ఇప్పుడే మొదలైన ఖాతా రోజుకు ఐదు స్టోరీలు పెట్టినా చూసేది ఆ 150 మందిలో కొందరే. అలాంటి ఖాతా మొదటి నెలల్లో తన సమయాన్ని వారానికి మూడు నాలుగు పోస్టులు, రీల్స్ మీద పెట్టి, స్టోరీలను రోజుకు ఒకటి రెండుకు పరిమితం చేయడం మేలు. రోజూ వంటకాల పట్టిక మారే టిఫిన్ సెంటరుది ఇంకో తీరు. నిలిచి ఉండే విషయాలు తక్కువ కనుక పోస్టు వారానికి ఒక్కటి చాలు, స్టోరీ మాత్రం ప్రతి ఉదయం ఉండాలి.

చీరల దుకాణానికి కూడా శ్రావణ మాసంలో లెక్క మారుతుంది. వారానికి పదికి బదులు ఇరవై చీరలు వస్తే ఫ్రేములు రెట్టింపవుతాయి. వాటన్నిటినీ ఐదు రోజుల్లోనే కుక్కితే చూపరులు మధ్యలోనే వెళ్లిపోతారు. వారంలో ఏడు రోజులూ స్టోరీలు పెడుతూ, రోజుకు మూడు చీరలకు మించకుండా, ఒక్కో చీరను ఒకే ఫ్రేములో ధరతో సహా చూపితే రోజుకు మూడు నాలుగు ఫ్రేములతోనే సరిపోతుంది. ఆ నెలలో పోస్టులు పెంచవలసిన పని లేదు. పండుగ ముందు పేజీని వెతుక్కుంటూ వచ్చే కొత్తవారికి కావలసిన వివరాలు, అంతకు ముందు నెలల్లో పెట్టిన పోస్టుల్లో అప్పటికే ఉంటాయి.