ఇనామ్ ముఫ్త్, పార్సిల్ ఖర్చు మీది

మొన్న జుమా నమాజు అయ్యాక ఇస్లాంపేటలో మా గల్లీ కుర్రాడొకడు ఫోన్ చూపించాడు. ఫేస్‌బుక్‌లో ఒక పేజీ వాడికి కొత్త మొబైల్ ముఫ్త్‌గా ఇస్తుందట, షిప్పింగ్ 499 రూపాయలు కడితే చాలట. నాకు వెంటనే మా చిచ్చా ట్రాన్సిస్టర్ గుర్తొచ్చింది. ఈ ధోకాకి తారీఖ్ చాలా పాతది.

మన దేశంలో వీపీపీ మొదలైంది 1877లో. పోస్ట్‌మ్యాన్ పార్సిల్ తెస్తాడు, ముందు పైసలు తీసుకుంటాడు, తర్వాతే చేతికిస్తాడు. ఆ పైసలు మనీఆర్డర్‌గా పంపినవాడికి చేరతాయి. డబ్బు కట్టకుండా డబ్బా విప్పే హక్కు లేదు. మోసగాళ్ళకు కావలసింది ఆ ఒక్క షర్తే.

1980ల్లో వారపత్రికల నిండా ఒక పజిల్ ఉండేది. తొమ్మిది గళ్ళు, ఎటు కూడినా 15 రావాలి. నడిమి గడిలో 5 పెడితే సగం పని అయిపోయినట్టే. అంత ఆసాన్‌గా ఎందుకు పెట్టారు? అందరూ గెలవాలనే! రాసిన ప్రతివాడికీ ముబారక్ చెబుతూ ఉత్తరం వచ్చేది: ఇనామ్ మీదే, ప్యాకింగ్, పోస్టేజీ మాత్రం మీరు భరించాలి. చిచ్చా మిర్చి కోతల కూలీ పైసలు కట్టి పార్సిల్ విడిపించాడు. లోపల పాత కాగితాలు, రెండు ఇటుక ముక్కలు.

తర్వాత జమానా ఫోన్లది. 2016 ఫిబ్రవరిలో నోయిడా కంపెనీ రింగింగ్ బెల్స్ ఫ్రీడం 251 ప్రకటించింది. ముఫ్త్ కాదు గానీ దాదాపు అంతే: ఫోన్ 251, పంపే ఖర్చు 40, మొత్తం 291. చూపించిన ఫోన్ మీద వేరే కంపెనీ పేరు తెల్లరంగు కింద దొరికింది. ఏడాదికి ఒక డీలర్ ఫిర్యాదు మీద ఘాజియాబాద్ పోలీసులు దాని డైరెక్టర్‌ని అరెస్టు చేశారు.

ఇప్పటి పేజీకి పోస్ట్‌మ్యాన్ కూడా అక్కర్లేదు. ఇటుకల ఖర్చూ మిగిలింది. కుర్రాడి ఫోన్‌లో ఆ పేజీ తాలూకు "పేజ్ ట్రాన్స్‌పరెన్సీ" తెరిచి చూశాం. పేజీ పుట్టి మూడు వారాలు, మొదట్లో దాని పేరు వంటల పేజీ. పిన్ కొట్టే ముందు యూపీఐ తెర మీద కనబడే పేరు కంపెనీది కాదు, ఎవరో ఒక మనిషిది. అసలు చిక్కు ఏమిటంటే వాడు 499 అప్పటికే కట్టేశాడు. ఆ వెంటనే జీఎస్టీ అని ఇంకో 1,850 అడిగారు, కడితే తిరిగిస్తారట. పోయిన 499 మీది మోహంతోనే మనిషి రెండోసారి కడతాడు. వాళ్ళ హిసాబ్ అదే.

రెండోది కట్టనివ్వలేదు. స్క్రీన్‌షాట్లు తీయించి, బ్యాంకుకు చెప్పించి, 1930కి ఫోన్ చేయించాను. పైసలు చేతులు మారకముందే చెబితే ఆగే అవకాశం ఉంటుంది, మరునాటికి కష్టం.

"అబ్బాకి చెప్పకు భాయ్," అన్నాడు. కాసేపటికి మళ్ళీ వాడే అడిగాడు, చిచ్చా ఆ ఇటుకలు ఏం చేశాడని.

దాదీ కోళ్ళ గూడు కింద ఎత్తు పెట్టుకుంది.