నేల ఒకటే, తరగతులు వేరు: కొల్లేరు ప్రాంతంలో భూసామర్థ్య వర్గీకరణ – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఏలూరు, తాడేపల్లిగూడెం మెట్టల నుంచి కొల్లేరు గర్భం వరకు ఉన్న భూములను గత నూటయాభై ఏళ్లలో భిన్నమైన పద్ధతులు తరగతులుగా విభజించాయి. మద్రాసు రెవెన్యూ సెటిల్‌మెంటు నీటిని భూమి విలువగా లెక్కించింది. 1961 నాటి అమెరికన్ భూసామర్థ్య పద్ధతి అధికజలాన్ని పరిమితిగా లెక్కించింది. మురుగు తీయడం ‘సాధ్యమా’ అని ఈ రెండో పద్ధతి అడిగే ప్రశ్నే కొల్లేరు భూవినియోగ వివాదానికి కీలకమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మృత్తికా సర్వే, భూసామర్థ్య తరగతులు, తరం, కొల్లేరు, మురుగు పారుదల, కాంటూరు.

1. మెట్ట, కాలువ, సరస్సు

డెల్టాకు ఉత్తరాన పెదవేగి వైపు ఎర్రనేలలున్నాయి. జాతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉన్నది అక్కడే. ఈ నేలల్లో పైపొర ఇసుకపాలు ఎక్కువగా తేలికగా ఉంటుంది. వాననీటితో కిందికి దిగిన బంకమట్టి లోపలి పొరలో పేరుకుంటుంది. అలా పేరుకున్న పొర ఉన్న నేలలను మృత్తికా శాస్త్రం ‘ఆల్ఫిసోల్స్’ అనే క్రమంలో చేరుస్తుంది. తాడేపల్లిగూడెం ఈ మెట్టకు, డెల్టాకు మధ్య అంచున ఉంది. ధవళేశ్వరం నుంచి వచ్చే ఏలూరు కాలువ దాదాపుగా ఆ అంచునే పట్టుకుని సాగుతుంది. కాలువకు ఎగువన ఉన్నది మెట్ట, దిగువన ఉన్నది మాగాణి. మృత్తికా పటం రాకముందే ఈ ప్రాంత రైతుకు తెలిసిన భూవిభజన రేఖ అదే.

కాలువ దాటి దక్షిణానికి వస్తే ఒండ్రుతో ఏర్పడిన నల్ల బంకనేలలు మొదలవుతాయి. ఎండాకాలంలో లోతుగా బీటలువారి, తడిస్తే ఉబ్బే ఈ నేలలు ‘వర్టిసోల్స్’ క్రమానికో, దానికి దగ్గరి వర్గాలకో చెందుతాయి. ఆ బంకనేల మెల్లగా వాలుతూ కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో కొల్లేరుగా మారుతుంది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు అందులో కలుస్తాయి. నీరు బయటికి పోవడానికి ఉన్న సహజమార్గం ఉప్పుటేరు ఒక్కటే.

ఈ వాలు ఎంత స్వల్పమో రెండు అంకెలు చెబుతాయి. సముద్రమట్టానికి 5 అడుగుల కాంటూరు వరకు తీసుకుంటే కొల్లేరు అభయారణ్య విస్తీర్ణం 308.55 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరిన చిత్తడి ప్రాంతం సుమారు 10 అడుగుల కాంటూరు వరకు విస్తరించి 901 చదరపు కిలోమీటర్లు ఉంది. అంటే నిలువున మరో ఐదడుగులు పెరిగేసరికి విస్తీర్ణం దాదాపు మూడింతలవుతోంది. ఇంత చదునైన చోట నేలకోత సమస్యే కాదు. భూమిని తరగతులుగా విడదీసేది నీరే.

2. తరం లెక్కలో నీరు

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. 1858లో మద్రాసు ప్రభుత్వం రెవెన్యూ సెటిల్‌మెంటు శాఖను నెలకొల్పింది. ఆ శాఖ పద్ధతిలో నేలను మొదట రేగడి, ఎర్రనేల, ఇసుకనేల వంటి వర్గాలుగా విడదీసేవారు. ఆపై బంక, గరప, ఇసుక పాళ్లను బట్టి, చివరికి మంచిది, సామాన్యం, నాసి అనే మేరలను బట్టి ఉపవిభాగాలు చేసేవారు. మాగాణికి వచ్చేసరికి మరో లెక్క కలిసేది. ఆ భూమికి నీరిచ్చే వనరు ఏ తరగతిది, ఏడాదిలో ఎన్నాళ్లు నీరు అందుతుంది అన్నది చూసి, నేలనూ నీటినీ కలిపి ‘తరం’ నిర్ణయించేవారు. శిస్తు ఆ తరాన్ని బట్టి ఉండేది.

ఈ పద్ధతి ఉద్దేశం భూమిని కాపాడటం కాదు, రాబడిని అంచనా కట్టడం. అయినా దానిలో ఒక వివేకం ఉంది. వరి పండే దేశంలో నీటిని వదిలి నేలను మాత్రమే కొలిస్తే లెక్క తప్పుతుందని అది గ్రహించింది. అయితే దాని దృష్టి వచ్చే నీటి మీదే నిలిచింది. పోవలసిన నీటికి కొల్లేరు అంచున ఉన్నంత ప్రాధాన్యం ఆ లెక్కలో కనిపించదు.

3. నీరు పరిమితిగా మారిన పద్ధతి

అమెరికాలో నేలకోత నివారణ ఉద్యమం నుంచి పుట్టిన భూసామర్థ్య వర్గీకరణకు క్లింగెబీల్, మాంట్‌గోమరీ 1961లో స్థిరరూపం ఇచ్చారు. దానిలో తరగతులు ఎనిమిది. మొదటి నాలుగు సాగుకు తగినవి, పరిమితులు క్రమంగా పెరుగుతాయి. ఐదు నుంచి ఏడు వరకు పచ్చికకు, అడవికి, వన్యప్రాణులకు తగినవి. ఎనిమిదోది వాణిజ్య పంటకు పనికిరాని భూమి. పరిమితి ఏ రకానిదో ఉపతరగతి తెలుపుతుంది. కోతకు ‘ఇ’, అధికజలానికి ‘డబ్ల్యూ’, వేళ్లు విస్తరించే పొరలోని లోపాలకు ‘ఎస్’, వాతావరణానికి ‘సి’. లవణీయత మూడోదాని కిందికి వస్తుంది. రెండు పరిమితులు సమానంగా ఉంటే ఈ వరుసలో ముందున్నదే ఉపతరగతి.

భారతదేశంలో 1958లో రూపుదిద్దుకున్న అఖిల భారత మృత్తికా, భూవినియోగ సర్వే సంస్థ, 1976లో ఏర్పడిన జాతీయ మృత్తికా సర్వే, భూవినియోగ ప్రణాళికా సంస్థ ఈ తరగతులను చేపట్టాయి. దీనితో తరం లెక్క తలకిందులైంది. తరం పెంచిన నీరే ఇక్కడ తరగతిని దించుతుంది. తేలికగా నీరు వడిసే నేలకు అనుకూలంగా తయారైన కొలబద్దను వరిపొలానికి పెట్టినప్పుడు, శ్రేష్ఠమైన మాగాణి కూడా రెండో తరగతిగానో, మూడో తరగతిగానో తేలడం వింత కాదు. ఇది ఒక పంట దిగుబడికి కొలత కాదని ఆ పద్ధతి ముందే హెచ్చరించింది. ఆ హెచ్చరికను మరచి పటాన్ని చదివినవారే ఎక్కువ.

కొల్లేరు విషయంలో అసలు కీలకం మరో నియమంలో ఉంది. తొలగించగల పరిమితిని శాశ్వత పరిమితిగా లెక్కించరాదు. మురుగు తీయడం సాధ్యమైతే, తీసిన తరువాత మిగిలే పరిమితిని బట్టే తరగతి ఇవ్వాలి. ‘సాధ్యం’ అనడానికి రెండు షరతులున్నాయి. నేల స్వభావం అందుకు అనుమతించాలి. విశాల ప్రాంతం మీద ఆ పని ఆర్థికంగా జరగగలగాలి. ఒక రైతు తన పొలం చుట్టూ గట్టు వేసుకుని నీటిని బయటికి తోడటం ఈ అర్థంలో సాధ్యత కాదు. తోడిన నీరు పక్క పొలంలో నిలుస్తుంది.

4. రెండు గుంటలు

దీనిని ఒక ఊహాజనిత ఉదాహరణతో చూడవచ్చు. కొల్లేరుకు ఉత్తరాన 8 అడుగుల కాంటూరు వద్ద ఒక గుంట, సరస్సు అంచున 4 అడుగుల వద్ద మరొకటి తీసి, ఒకటిన్నర మీటర్ల లోతు వరకు పొరలు పరిశీలించారనుకుందాం. రెండో గుంటలో నీరు ఊరితే బరమాతో మట్టిని పైకి తీయాలి. రెండుచోట్లా సగానికి మించి బంకమట్టి ఉంది. అరమీటరు లోతున ఒకదానిపై ఒకటి జారిన మట్టిపెళ్లల నున్నటి మెరుపు ఉంది. మట్టి స్వభావాన్ని బట్టి రెండింటికీ దాదాపు ఒకే పేరు రావచ్చు.

తేడా తెలిసేది రంగులో. నీటిలో చాలాకాలం మునిగిన మట్టిలో ఇనుము కరిగి కదలడంతో నేల బూడిదరంగుకు తిరుగుతుంది. గాలి తగిలిన చోట తుప్పు మచ్చలు ఏర్పడతాయి. మొదటి గుంటలో పైపొర బూడిదగా, దాని కింద గోధుమరంగుగా ఉంటే అది వరిమడిలో కట్టిన నీటి గుర్తు. లోపల నేల ఆరుతోందన్నమాట. రెండోదానిలో బూడిదరంగు లోతుకు వెళ్లేకొద్దీ గాఢమైతే, అది కిందినుంచి ఎగసే నీటిమట్టపు గుర్తు. కాలువా మురుగుకాలువా రెండూ ఉన్న మొదటి భూమికి ‘మూడు–డబ్ల్యూ’ ఇవ్వవచ్చు. ఏడాదిలో ఆరునెలలు నీరు నిలిచి, ఉప్పుటేరు మట్టం కంటే దించలేని రెండోదానికి ‘ఐదు–డబ్ల్యూ’ సముచితం. మట్టి ఒకటే, తరగతి వేరు.

ఇక్కడ సర్వేదారును మోసగించే అంశాలు రెండున్నాయి. నల్లనేలలో మచ్చలు కంటికి ఆనవు. పైగా, మురుగు తీసిన తరువాత కూడా పాత బూడిదరంగు ఏళ్ల తరబడి మిగులుతుంది. మచ్చల అంచులు గీత గీసినట్లు స్పష్టంగా ఉంటే అవి గతకాలపు అవశేషాలు కావచ్చు. అంచులు చెదిరి, బతికున్న వేళ్ల వెంట తుప్పు కనిపిస్తే ప్రక్రియ నేటికీ సాగుతోందని భావించాలి. సందేహం తీరాలంటే గొట్టం దింపి ఏడాదిపాటు నీటిమట్టం కొలవక తప్పదు.

5. పటం, కాంటూరు

1986 తరువాత చేపట్టిన రాష్ట్రస్థాయి మృత్తికా పటాలు 1:2,50,000 స్కేలులో, 10 కిలోమీటర్ల గళ్ల ప్రకారం నేలను పరిశీలించి తయారైనవి. ఒక గడి విస్తీర్ణం 100 చదరపు కిలోమీటర్లు. ఈ లెక్కన అభయారణ్యం మొత్తానికి గడి పరిశీలనలు మూడుకు మించవు. పటంమీద ఒక చదరపు సెంటీమీటరు 625 హెక్టార్లకు సమానం. జిల్లాలో మెట్ట ఎక్కడ, డెల్టా ఎక్కడ అని చెప్పడానికి ఆ పటం చాలు. ఒక లంకగ్రామం పొలాలు ఏ తరగతివో దానినుంచి చెప్పబూనడం పటానికి అన్యాయం. అందుకు సర్వే నంబర్లు కనిపించే గ్రామపటం మీద సవివర సర్వే కావాలి.

భూవినియోగ నిర్ణయం మాత్రం కాంటూరు మీద జరిగింది. 1999లో 5 అడుగుల వరకు అభయారణ్యం ప్రకటితమైంది. దానిని 3 అడుగులకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ 5 అడుగులే ఉండాలని సూచించింది. 3, 5 అడుగుల మధ్య ఉన్న జిరాయితీ భూముల రైతుల బతుకులు ఈ వాదంలో చిక్కుకున్నాయి. కాంటూరుకు ఒక సౌలభ్యం ఉంది. దానిని కొలిచి రాతి హద్దు పాతవచ్చు. నీరు ఎన్నాళ్లు నిలుస్తుందో ఆ రేఖ చెప్పదు. ఆ విషయంలో 5 అడుగుల మీది పొలమైనా ఉప్పుటేరు పూడికను బట్టి, ఎగువ వరదను బట్టి మారుతుంది. రేఖను ఎక్కడ గీయాలన్న వాదంలో ఇరుపక్షాలూ సవివర మృత్తికా పటాన్ని ముందుకు తెచ్చి ఉంటే, పరిహారం ఎవరికి, ఎంత అన్న ప్రశ్నకైనా ఒక ఆధారం దొరికేది.

6. చెరువు గట్టు చేసిన మార్పు

భూసామర్థ్య పద్ధతిలో చేపల చెరువుకు చోటు లేదు. నీటిని బయటికి పంపే కష్టాన్ని కొలిచే ఆ తూకంలో, నీటిని నిలపడమే వ్యాపారమైన పని తూగదు. బంకనేల నీటిని ఇంకనివ్వదు కాబట్టి, వరికి ‘ఐదు–డబ్ల్యూ’గా తేలిన భూమే చెరువుకు మేలైనదైంది. 1970ల నుంచి పెరిగిన చెరువుల వెనుక ఉన్న మృత్తికా కారణం ఇదే. కానీ ప్రతి గట్టూ సరస్సు పరచుకునే చోటును తగ్గించింది. చోటు తగ్గిన నీరు పక్కకు మళ్లి, గట్టు వేయని పొలాన్ని ‘మూడు–డబ్ల్యూ’ నుంచి కిందికి దింపింది. తరగతి పొలానికి పుట్టుకతో వచ్చిన గుణం కాదనడానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం అక్కరలేదు.

2006లో అభయారణ్యం లోపలి గట్లను తొలగించారు. గట్టు కోసం తవ్విన పైపొర, దాని కిందనుంచి తీసిన మట్టి కలగలిసి పోయిన చోట, పాత పొరల క్రమం తిరిగి రాదు. అటువంటి భూమిని పరిసర నేలతో కలిపి ఒకే పటవిభాగంలో చూపరాదు. గట్టు ఉన్న చోటును, చెరువు అడుగును, తవ్వని అంచును వేరువేరుగా గుర్తించి, ఒక్కొక్కదానిలో లవణ పరిమాణాన్ని కొలవాలి. నీటితో పూర్తిగా తడిపిన మట్టినుంచి తీసిన ద్రావణపు విద్యుద్వాహకత మీటరుకు 4 డెసీసీమెన్లు దాటితే, ఆ భూమి లవణ భూమి. అటువంటి చోట తరగతి పక్కన నీటి గుర్తు ఒక్కటే రాసి ఊరుకుంటే, పచ్చిక కూడా ఎందుకు మొలవలేదో ఆ పటం చెప్పలేదు.