చుక్క చోట కామా, కామా చోట చుక్క

దశాంశ భిన్నాల వాడకాన్ని ఐరోపాలో జనానికి పరిచయం చేసిన సైమన్ స్టెవిన్ 1585లో వెలువరించిన చిన్న పుస్తకంలో చుక్కా లేదు, కామా లేదు. ఆయన ప్రతి అంకె స్థానాన్నీ వలయంలో రాసిన మరో అంకెతో చూపించాడు. ఈ భారమైన పద్ధతి నిలవలేదు. 1698లో లైబ్నిజ్ యోహాన్ బెర్నూలీకి రాసిన లేఖలో, గుణకార చిహ్నం ఎక్స్ అక్షరంలా కనబడుతోందని ఆక్షేపించి, దాని బదులు చుక్క పెట్టడం మేలన్నాడు. ఐరోపా ఖండంలో చుక్క గుణకారానికి అలవాటు కావడం, దశాంశానికి అక్కడ కామా స్థిరపడడానికి ఒక కారణమైంది. ఇంగ్లండులో మాత్రం దశాంశానికి చుక్కే నిలిచింది. వేలను విడదీసే గుర్తు, అంటే పెద్ద సంఖ్యను చదవడానికి వీలుగా మధ్యలో పెట్టేది, రెండు చోట్లా మిగిలిన రెండో గుర్తయింది.

ఈ చీలిక వల్ల కలిగే నష్టం జర్మన్ పట్టికను మన పద్ధతిలోకి మార్చేటప్పుడు కనబడుతుంది. ఒక నిలువు వరుసలో 1.234, 987,5, 12.050,25 అనే విలువలు, వాటి కింద మొత్తంగా 14.271,75 ఉన్నాయనుకుంటే, కామాలను వేల గుర్తులుగా భావించి తొలగించే ప్రోగ్రామ్ వాటిని 1.234, 9875, 12.05025 అని చదువుతుంది. ఎక్కడా దోష సూచన రాదు, ఎందుకంటే మూడూ సక్రమమైన సంఖ్యలే. అసలు చిక్కంతా అందులోనే ఉంది. అయితే వాటిని కూడితే 9888.28425 వస్తుంది, మొత్తం గడిలో ఉన్నది 14.27175గా చదవబడుతుంది కనుక, ఆ రెండూ పొసగకపోవడమే తప్పును పట్టిస్తుంది.

చేత్తో సరిచేసేటప్పుడు వరుసక్రమం ముఖ్యం. ముందు చుక్కలను తీసివేసి, ఆ తర్వాతే కామాను చుక్కగా మార్చాలి. తిరగేసి చేస్తే 12.050,25 మొదట 12.050.25 అయి, చుక్కలన్నీ పోయాక 1205025గా, నూరు రెట్లుగా తేలుతుంది. పైథాన్‌లోని పాండాస్‌తో చదివేవారు రెండు గుర్తులనూ ముందే చెప్పవచ్చు:

```
pd.read_csv("table.csv", sep=";", decimal=",", thousands=".")
```

జర్మన్ ఫైళ్లలో గడుల మధ్య సెమికోలన్ ఉండడం కూడా, కామాను దశాంశానికి వాడేశారనడానికి ఆనవాలే. ఫ్రెంచి పట్టికల్లో వేల మధ్య ఉండే ఖాళీ మామూలు ఖాళీలా కనిపించినా తరచు వేరే అక్షరం కావడంతో, సాధారణ ఖాళీని వెతికి తీసేస్తే అది చెక్కుచెదరదు. ఇక అంకెల గుంపులు మూడేసి ఉన్నాయో లేదో చూసి తప్పులు పట్టే పరీక్ష, మన 12,34,567ను అన్యాయంగా తిరస్కరిస్తుంది.

2003లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ చుక్కనూ కామానూ రెండింటినీ దశాంశ గుర్తులుగా అంగీకరించింది. గుంపుల మధ్య మాత్రం ఖాళీ తప్ప చుక్కా కామా పెట్టరాదని 1948 నాటి మాటనే మళ్లీ చెప్పింది. ఆ నియమం పాటించని పట్టికలో ఒక్క 1.234 మాత్రమే ఉండి, మొత్తం గానీ ప్రమాణం గానీ లేకపోతే, అది వెయ్యిన్నీ రెండు వందల ముప్ఫై నాలుగో, ఒకటికి కాస్త పైనో ఏ ప్రోగ్రామూ తేల్చలేదు; అది వచ్చిన కార్యాలయాన్ని అడిగే వరకు మూల వరుసను అక్షరాల రూపంలోనే యథాతథంగా ఉంచవలసి ఉంటుంది.