నెల దారిన వెళ్ళిన మందు పొట్లం

రోగగ్రస్తుడైన మిత్రునికి పద్యం రాయడం కవులకు కష్టమైన పని. మన సంప్రదాయంలో అటువంటి సమయానికి సిద్ధంగా ఉన్నది ఆశీర్వచన పద్యం. నూరేళ్ళు వర్ధిల్లమనీ, ధన్వంతరి కరుణించుగాక అనీ అంటాము. అనేవాని నోటికి అది సుఖమే. కానీ మంచం మీద ఉన్నవాడు తన స్థితి తాను ఎరిగినవాడైతే, ఆ నూరేళ్ళ మాట అతని చెవికి ఎలా ఉంటుందో ఎవరూ అడగరు. ఈ చిక్కును పన్నెండు వందల ఏళ్ళ క్రితం ఒక చైనా కవి దాటిన తీరు చెప్పదగినది.

ఆ కవి బై జుయి (772–846). అతని మిత్రుడు యువాన్ జెన్ (779–831). టాంగ్ వంశ చక్రవర్తుల కాలం అది. 803లో ఇద్దరూ ఒకే పరీక్షలో నెగ్గి, రాజధాని చాంగాన్‌లో రాజగ్రంథాలయపు పరిష్కర్తలుగా ఉద్యోగంలో చేరారు. వయసులో బై ఏడేళ్ళు పెద్ద. అయినా ఇద్దరి మధ్య పెద్దరికం కనబడదు. బై తన మిత్రుణ్ణి 'తొమ్మిదవ యువాన్' అని పిలుస్తాడు. ఒక వంశంలో ఒక తరానికి చెందిన అన్నదమ్ములనందరినీ, పెదనాన్న చిననాన్నల బిడ్డలతో సహా, వరుస సంఖ్యతో లెక్కించి పిలవడం అక్కడి ఆచారం. మన పల్లెల్లో పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అన్నట్టే!

810లో యువాన్ తనిఖీ అధికారిగా రాజధానికి తిరిగి వస్తూ దారిలో ఒక ప్రభుత్వ విడిదిలో బస చేశాడు. ఆ రాత్రి అంతఃపురపు నపుంసక ఉద్యోగులు వచ్చి, అతని గదులు తమకు కావాలని పేచీ పెట్టారు. ఆ గొడవలో యువాన్ ముఖం మీద కొరడా దెబ్బ తగిలింది. న్యాయంగా శిక్ష కొట్టినవారికి పడాలి. పడింది దెబ్బ తిన్నవానికి. అతన్ని యాంగ్‌సీ నది ఒడ్డున ఉన్న జియాంగ్‌లింగ్‌కు చిన్న ఉద్యోగంలోకి తోసివేశారు. బై రాజుకు విన్నపాల మీద విన్నపాలు పంపాడు, ఫలితం లేకపోయింది. అంతకు ముందు సంవత్సరమే యువాన్ భార్య మరణించింది. ఆ ఒంటరితనంలో, నది పక్క ఊళ్ళో, అతను జ్వరపడ్డాడు.

దక్షిణపు నదీతీరాల్లోని ఆ జ్వరాన్ని చైనావారు నేలనుండి, నీటినుండి లేచే విషవాయువు వల్ల వస్తుందని నమ్మేవారు. మనం ఇప్పుడు మలేరియా అనేది అందులో పెద్ద పాలు. ఉత్తరాదినుండి వెళ్ళిన ఉద్యోగులకు అది మృత్యువుతో సమానం. కాబట్టి దక్షిణానికి బదిలీ అన్నదే సగం మరణశిక్ష.

కబురు విన్న బై రెండు మందులు సిద్ధం చేశాడు. ఒకటి చూర్ణం, ఒకటి 'గావ్'. ఈ మాట లేహ్యానికీ చెల్లుతుంది, లేపనానికీ చెల్లుతుంది. వాటి పేర్లను పద్యపు శీర్షికలోనే చేర్చాడు. అంటే ఆ శీర్షిక ఇంచుమించు మందుల మీద అంటించిన చీటీ. పద్యం ఏడు అక్షరాల పాదాలు ఎనిమిది, వెరసి యాభై ఆరు అక్షరాలు. మనకు ప్రాస రెండవ అక్షరంలో, వారికి పాదాంతంలో. ఇంత చిన్న చోటులో ఏమి చేశాడో చూడండి.

మొదటి రెండు పాదాల్లో పని తప్ప భావమే లేదు. ఒక పొట్లానికి పేరు రాశాననీ, ఒక డబ్బీకి మూత ముద్ర వేశాననీ చెబుతాడు. తరువాతి రెండు పాదాల్లో దానిని ఒక మనిషి చేతికి ఇచ్చి పంపుతున్నాననీ, దారి నెల రోజులదనీ అంటాడు. ఇక్కడే చదువరికి ఒక అనుమానం కలగాలి. నెల రోజుల తరువాత చేరే మందు ఈనాటి జ్వరానికి ఏమి పనికి వస్తుంది? సాధారణ కవి ఆ అనుమానాన్ని దాచిపెడతాడు. బై అయిదవ పాదంలో తానే బయటపెడతాడు. నది గాలి తెచ్చిన ఆ రోగాన్ని ఇది నయం చేస్తుందని చెప్పలేననీ, దూరాన ఉండి రోగి మనసును కాస్త ఊరడించడమే తన ఉద్దేశమనీ ఆరవ పాదంతో కలిపి చెబుతాడు. మందు పంపుతూ మందు పనిచేయకపోవచ్చునని చెప్పిన పద్యం నాకు తెలిసి మరొకటి లేదు.

చివరి రెండు పాదాల్లో అతని చూపు నెల రోజులు ముందుకు వెళుతుంది. మిత్రుడు పొట్లాన్ని వేళ్ళతో తీసుకొని, తలగడ మీద తల ఉంచుకునే విప్పి చూస్తాడు. కన్నులు కొంతసేపు కాంతి పొందుతాయి. 'కొంతసేపు' అన్న ఆ ఒక్క మాటలో పద్యమంతా ఉన్నది. దానిని తీసివేసి కన్నులు వెలుగుతాయి అని మాత్రమే అంటే, అది మన ఆశీర్వచనమే అయ్యేది. లేచి నడుస్తావు అనలేదు. తలగడ దగ్గర నుండి అతన్ని కదల్చనైనా లేదు.

ఈ తీరు ఒక్కసారి కుదిరింది కాదు. 815లో యువాన్‌ను ఇంకా దూరంగా, నేటి సిచువాన్ తూర్పు భాగంలోని తోంగ్‌జౌకు పంపారు. ఆ ఏడే బై కూడా పదవి పోగొట్టుకొని జియాంగ్‌జౌ చేరాడు. అక్కడినుండి మిత్రునికి వేసవి బట్టలు పంపాడు, పలుచని అంగీ, పలుచని లాగు. వాటితో నాలుగు పాదాల పద్యం. బట్ట పలుచగా ఉన్నదని తక్కువగా చూడక తొడుక్కోమన్న తరువాత, ఇంతా చేసి తోంగ్‌జౌ ఎండ నిన్ను చంపుతుందేమోనని నా భయం అనే అర్థంతో ముగిస్తాడు. రోగికి పంపే పద్యంలో చావు మాట ఎత్తవచ్చునా అని మన పెద్దలు ముక్కున వేలు వేసుకుంటారు. ఎత్తవచ్చును, చేతిలో చొక్కా ఉంటే. నా ఉద్దేశంలో ఈ పద్యాల బలమంతా అక్కడే ఉన్నది. ప్రతి పద్యం వెంట ఒక వస్తువు వెళ్ళింది. ఊరడింపు భారం వస్తువు మోసింది గనుక, పద్యానికి నిజం చెప్పే తీరిక దొరికింది. ఈ పంపకం ఏకపక్షమూ కాదు. తల్లి మరణించి, బై పల్లెలో పేదరికంతో, అనారోగ్యంతో ఉన్న రోజుల్లో యువాన్ మూడుసార్లు డబ్బు పంపాడు. మొత్తం రెండు లక్షల కాసులు దాటిందని బై తన పద్యంలోనే లెక్క రాసిపెట్టాడు.

తోంగ్‌జౌ కాలంలో యువాన్ రోగం ముదిరింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అతను వేరే ఏర్పాట్లేవీ చేయలేదు. తన రచనల చుట్టలు కొన్ని కట్టించి, ఇవి తరువాత ఎప్పుడైనా బైకి పంపండి, ఉత్తరానికి బదులు ఇవే, అని పైన రాయించాడు. ఆ సంగతి తెలిసిన బై 817లో ఏప్రిల్ కాదు, వారి పంచాంగపు నాలుగవ నెల పదవ రాత్రి, ఒక ఉత్తరం రాశాడు. అందులో నీకు తగ్గిపోతుంది అన్న మాట వెతికినా కనబడదు. తన కుటుంబం వచ్చి చేరిందనీ, తన ఊరు చల్లనిదనీ, చేపలు బాగుంటాయనీ, లూషాన్ కొండలో ఒక పూరిపాక కట్టుకున్నాననీ వివరంగా చెప్పాడు. నన్ను గురించి నీకు గల బెంగ తీరడానికి ఇవి రాస్తున్నాను అన్నాడు. రోగి తన గురించి కాక మిత్రుని గురించి దిగులుపడుతున్నాడని అతనికి తెలుసు. తీర్చగలిగిన బెంగ అది ఒక్కటే.

యువాన్ ఆ జ్వరం నుండి బయటపడి, మళ్ళీ పెద్ద పదవులు చూసి, 831లో వుచాంగ్‌లో హఠాత్తుగా కన్నుమూశాడు. సమాధి శాసనం బై రాశాడు. అందుకు ఆ కుటుంబం ఇచ్చిన వస్తువుల విలువ ఆరేడు లక్షల కాసులు. బై వద్దన్నాడు, వారు వినలేదు. అతను ఆ మొత్తాన్ని లోంగ్‌మెన్ కొండ దగ్గరి షియాంగ్‌షాన్ ఆలయపు మరమ్మతుకు ఖర్చుపెట్టి, 832లో ఆ పుణ్యం యువాన్‌కే చెందాలని రాసి ఉంచాడు.